మళ్ళీ, తిరిగి, మరల: ఒక యాప్‌కు పేరు

యాప్‌కు పేరు పెట్టేటప్పుడు మనం సాధారణంగా రెండే చూస్తాం. అర్థం బాగుందా, పలకడానికి బాగుందా అని. మూడోది ఒకటి ఉంది, దాన్నే మొదట చూడాలని నా అభిప్రాయం. ఆ పేరును చెవితో విన్నవాడు, ఎవరినీ అడగకుండా, తెలుగులోనూ రోమన్ అక్షరాల్లోనూ ఒకే విధంగా టైపు చేయగలడా? చేయలేకపోతే ఎంత మంచి అర్థం ఉన్నా ఆ పేరు సగం పనే చేస్తుంది. పిల్లవాడి పేరును బళ్ళో పిలుస్తారు, హాజరు పట్టీలో ఒకసారి రాస్తారు, అంతే. యాప్ పేరును మాత్రం కొత్తగా వచ్చే ప్రతి మనిషీ వెతుకుపట్టీలో టైపు చేయాలి. తప్పు టైపు చేస్తే యాప్ దొరకదు.

మన కేంద్రీయ విద్యాలయాల్లో పుస్తకోపహార్ గురించి తెలియని వాళ్ళు ఉండరు. పై తరగతికి వెళ్ళేవాళ్ళు తమ పాఠ్యపుస్తకాలను కింది తరగతివాళ్ళకు ఇస్తారు. దాని కోసం మా పదకొండో తరగతి బృందం ఒక చిన్న యాప్ మొదలుపెట్టింది. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉంది, ఎవరికి ఏది కావాలి అన్నది అందులో కనిపిస్తుంది. పని సులువే, పేరు దగ్గరే చర్చ పెరిగింది. ఒకరు ‘బుక్‌మిత్ర’ అన్నారు. ఒకరు పేరంతా ఇంగ్లీషులోనే పెట్టేస్తే గొడవ ఉండదన్నారు. మా బళ్ళో తెలుగు ఇంట్లో మాట్లాడినా చదవలేని పిల్లలున్నారు, హిందీవాళ్ళున్నారు, ఒడియావాళ్ళున్నారు. వాళ్ళందరూ రోమన్‌లోనే టైపు చేస్తారు. వాళ్ళ తాతయ్యలు, అమ్మమ్మలు మాత్రం ఫోనులో తెలుగు అక్షరాలే వెతుక్కుంటారు. ఇద్దరికీ ఒకే పేరు పనికిరావాలి.

‘బుక్‌మిత్ర’ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఇలాంటి పేర్లు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. ‘బుక్’ అని పొల్లుతో ఆపి, వెంటనే ‘మ’ కొడితే కంప్యూటర్ ఊరుకోదు. క కింద మ ఒత్తు వేసి ‘బుక్మిత్ర’ అని చూపిస్తుంది. తెలుగు లిపి స్వభావమే అది. రెండిటినీ విడిగా నిలపాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య `U+200C`. యాప్ చేసేవాడు దాన్ని పెడతాడు. వెతికే అమ్మమ్మకు ఆ గుర్తు కీబోర్డులో ఎక్కడుందో తెలియదు, అసలు ఉందనే తెలియదు. ఆమె టైపు చేసిన మాట, యాప్ మీదున్న మాట తెర మీద దాదాపు ఒకేలా కనిపించినా కంప్యూటర్ దృష్టిలో వేరు వేరు. పొల్లు మధ్యలో వచ్చే జంట పేర్లన్నిటికీ ఈ చిక్కు ఉంది. వాటిని మొదటి జల్లెడలోనే వదిలేయడం మేలు.

ఈ కనిపించని గుర్తు ఒకప్పుడు ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన అక్షరం, మధ్యలో ఈ గుర్తు ఉన్న కూర్పులో వస్తే, ఐఫోన్లలో కొన్ని యాప్‌లు ఉన్నట్టుండి మూతపడ్డాయి. ఆపిల్ వెంటనే సరిచేసింది. తప్పు మన అక్షరానిది కాదు, దాన్ని గీసే ప్రోగ్రాముది. అయినా ఒత్తులు పేరుకున్న చోట ప్రోగ్రాములకు పని ఎక్కువని గుర్తుంచుకోవచ్చు.

ఇక అసలు మాటకు వద్దాం. మా యాప్ చేసే పని ఒక్క మాటలో చెప్పాలంటే, ఒకసారి చదివిన పుస్తకం మరొకరి చేతిలో మరొకసారి పనికొస్తుంది. ఈ అర్థానికి తెలుగులో మూడు మంచి మాటలున్నాయి: మళ్ళీ, తిరిగి, మరల. అర్థంలో పెద్ద తేడా లేదు. అందుకే అక్షరాల బలం పోల్చడానికి ఇంతకంటే మంచి మూడు మాటలు దొరకవు.

‘మళ్ళీ’ మనం రోజుకు పదిసార్లు వాడే మాట. పేరుగా ఎంత చక్కగా ఉంటుందో! కానీ రోమన్‌లో దాన్ని మా బృందంలో నలుగురం విడివిడిగా కాగితాల మీద రాస్తే ఒకరు `malli`, ఒకరు `mallee`, ఒకరు `mali` అని రాశారు. నాలుగో స్నేహితుడు `Malli` అని రాసి, ఇది మల్లెపువ్వు అనుకోరా అని అడిగాడు. నిజమే, రోమన్‌లో ళ కూ ల కూ ఒకటే అక్షరం. మళ్ళీ, మల్లి రెండూ `malli` అవుతాయి. సరే, రోమన్ పరాయి లిపి, తెలుగులోనైనా నిలకడ ఉందా అంటే అదీ లేదు. పుస్తకాల్లో ‘మళ్ళీ’ అని ఉంటుంది, చాలా పత్రికల్లో ‘మళ్లీ’ అని ఉంటుంది. ఒకదానిలో ళ కింద ళ ఒత్తు, రెండోదానిలో ళ కింద ల ఒత్తు. చదివేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. కంప్యూటర్ పట్టించుకుంటుంది. పైథాన్ తెలిసినవాళ్ళు ఈ ఒక్క వరుస నడిపి చూడవచ్చు:

```python
print("మళ్ళీ" == "మళ్లీ")
```

జవాబు `False` అని వస్తుంది. అంటే సొంత లిపిలోనే రెండు రాతలున్న మాట ఇది. పేరుకు పనికిరాదు.

‘తిరిగి’లో ఒత్తులు లేవు. కానీ మొదటి అక్షరమే తగాదా. మన తరగతి హాజరు పట్టీలో కవిత అనే పేరు చూడండి. తెలుగు ఇంటి అమ్మాయైతే చాలావరకు `Kavitha` అని ఉంటుంది, ఉత్తరాది అమ్మాయైతే `Kavita` అని ఉంటుంది. మనవాళ్ళు `t` ని ట కోసం దాచిపెట్టి, త కు `th` రాసే అలవాటు చేసుకున్నారు. హిందీవాళ్ళకు `th` అంటే థ. అందువల్ల తెలుగు స్నేహితుడు `thirigi` అని కొడతాడు, హిందీ స్నేహితుడు `tirigi` అని కొడతాడు. ఒడియా స్నేహితురాలు ఏది కొట్టాలో మనల్నే అడుగుతుంది. ద కూడా ఇంతే. ‘వద్దు’ అన్న చిన్న మాటను సందేశాల్లో `vaddu`, `vaddhu`, `vodhu` అని ఎన్ని రకాలుగా చూస్తామో మీకు తెలుసు. కాబట్టి నా మాట ఏమిటంటే, త, ట, థ, ద, డ, ధ ఉన్న మాటను యాప్ పేరుగా తీసుకునేముందు నాలుగుసార్లు ఆలోచించాలి. మొదటి అక్షరంగా ఉంటే ఇంకా ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే కింద వచ్చే సూచనల్లోనే చాలామంది పేరును ఏరుకుంటారు.

ఇక ‘మరల’. ఇందులో మూడు హల్లులు, మూడిటికీ అకారమే. గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు. చెవితో విన్నవాడు రోమన్‌లో `marala` తప్ప ఇంకేమీ రాయడానికి పెద్దగా అవకాశం లేదు. కాగితాల మీద నలుగురూ అదే రాశారు. తెలుగులోనూ దానికి ఒకే రాత.

కీబోర్డు మీద ఈ మూడిటి బరువు చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. భారతీయ భాషలన్నిటికీ ప్రభుత్వ ప్రమాణంగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘మరల’ కు మూడే మీటలు: `c`, `j`, `n`. ‘తిరిగి’ కి ఆరు: `l`, `f`, `j`, `f`, `i`, `f`. ప్రతి గుడికీ ఒక మీట వేరుగా నొక్కాలి కదా. ‘మళ్ళీ’ కి అయిదు: `c`, `N`, `d`, `N`, `r`. అందులో రెండుసార్లు షిఫ్ట్ పట్టుకోవాలి, మధ్యలో ఆ `d` పొల్లు గుర్తు. పైథాన్‌తో లెక్కిస్తే కూడా ఇవే సంఖ్యలు వస్తాయి:

```python
for w in ["మరల", "తిరిగి", "మళ్ళీ"]:
    print(w, len(w))
```

వరుసగా 3, 6, 5. కంటికి మళ్ళీ అన్నది రెండే అక్షరాలు, మరల మూడు. కానీ టైపు చేసే వేలికి మరల చిన్నది, మళ్ళీ పెద్దది. ‘చిన్న మాట’ అనేటప్పుడు మనం కంటితో కొలుస్తాం. కొలవాల్సింది వేలితో.

ఇన్‌స్క్రిప్ట్‌లో మన బళ్ళకు పనికొచ్చే మరో సౌకర్యం ఉంది. అందులో ఒకే ధ్వనికి అన్ని భాషల్లోనూ ఒకే మీట. హిందీ టైపింగు నేర్చుకున్న పిల్లవాడు తెలుగు అక్షరాలు చదవలేకపోయినా, తన హిందీలో మ, ర, ల కొట్టే అవే మూడు మీటలు తెలుగు కీబోర్డు పెట్టి నొక్కితే చాలు, ‘మరల’ వచ్చేస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్ళు రోమన్‌లో కొట్టి తెలుగు తెచ్చుకుంటారు. అందులో రెండు పద్ధతులున్నాయి. లేఖిని వంటి వాటిలో చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ తేడా ఉంటుంది. అక్కడ మళ్ళీ రావాలంటే `maLLI` అని కొట్టాలి, మరల కు `marala` చాలు. ఫోన్లలో ఉండే రెండో పద్ధతిలో కీబోర్డే మన రాతను ఊహించి నాలుగు మాటలు చూపిస్తుంది, మనం ఒకటి ఎంచుకుంటాం. ఈ రెండోది చాలా ఉదారం. `tirigi` కొట్టినా `thirigi` కొట్టినా తిరిగి అని చూపిస్తుంది. అందుకే కొందరు స్నేహితులు, కీబోర్డు సర్దుకుంటుంది కదా, ఇంత బాధ ఎందుకు అంటారు. కీబోర్డు తెలుగు అక్షరాల కోసం సర్దుకుంటుంది. రోమన్‌లోనే వెతికేవాడికి ఆ సాయం అందదు. వెతికే యంత్రాలు తప్పు రాతలను సర్దుతాయి నిజమే, కానీ ఎక్కువమంది వెతికే పేరు వైపు సర్దుతాయి. ఒక బడి పిల్లల యాప్ వైపు అవి ఎందుకు తిరుగుతాయి?

మనందరం వాడే ‘దీక్ష’ను చూడండి. తెలుగు పిల్లలకు అప్పగిస్తే దాన్ని `Deeksha` అనే రాస్తారు. అధికారిక రాత `DIKSHA`. ‘స్వయం’ను `Svayam` అని రాసేవాళ్ళున్నారు, అసలు రాత `SWAYAM`. వాటికి నష్టం లేదు. తరగతి గోడల మీద, పాఠ్యపుస్తకాల్లో ఆ పేర్లు రోజూ కనిపిస్తాయి కాబట్టి రాత అలవాటైపోతుంది. మన చిన్న యాప్‌కు గోడలు లేవు. నోటిమాటే దాని ప్రచారం.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని కలిపేయడం వల్లే చర్చలు పెరుగుతాయి. విన్న మాటను రాయడం ఒక దారి. రాసిన మాటను చదవడం ఇంకో దారి. పేరుకు మొదటి దారి ముఖ్యం. `marala` ను హిందీ స్నేహితుడు ‘మరాలా’ అనో ‘మర్లా’ అనో చదివినా కొంప మునగదు, వాడు కొట్టే అక్షరాలు మారనంతవరకు. రెండో దారిలో తప్పు జరిగితే ఎప్పుడు ప్రమాదమంటే, ఆ తప్పు చదువు ఇంకో తెలిసిన మాటలో పడినప్పుడు. ‘పలక’ను తీసుకోండి. బడి యాప్‌కు ఇంతకంటే మంచి పేరు ఉంటుందా? మూడు హల్లులు, మూడు మీటలు, రోమన్‌లో `palaka`. విని రాయడంలో ఏ లోటూ లేదు. కానీ రాసినదాన్ని హిందీవాళ్ళు చదివితే పాలక్, అంటే పాలకూర. తెలుగువాళ్ళే కొందరు ‘పాలక’ అని చదివి ప్రభుత్వ యాప్ అనుకోవచ్చు. రోమన్‌లో అ కు, ఆ కు తేడా లేకపోవడం వల్ల వచ్చిన కష్టమిది. పాట, పాత రెండూ `pata` అవుతాయి. గది, గడి రెండూ `gadi` అవుతాయి.

మా జాబితాలో ‘పుట’ కూడా ఉండేది. పుస్తకాల యాప్, చిన్న మాట, అందరికీ తెలిసిన మాట. దాన్ని తీసేయడానికి వేరే కారణం ఉంది. `puta` అన్నది స్పానిష్ భాషలో మర్యాద లేని మాట. యాప్‌ల దుకాణం ప్రపంచమంతటికీ ఒకటే కాబట్టి రోమన్ రాత ఖాయం చేసుకునేముందు దాన్ని ఒకసారి వెతికి చూడడం తప్పనిసరి. ‘మలి’ అని ఇంకొకరు సూచించారు. మలిదశ, మలిసంజ అంటాం కదా, రెండోసారి అనే అర్థం చక్కగా వస్తుంది. మూడే మీటలు. కానీ `mali` అని వెతికితే ఆఫ్రికాలోని మాలి దేశం వచ్చి కూర్చుంటుంది. ఒక దేశంతో పోటీపడి మన యాప్ పైకి రాదు. ‘మన’ అన్న మాటకూ ఇదే గతి, అది ఇప్పటికే వందల పేర్లలో ఉంది.

‘మరల’కు లోపాలు లేవని కాదు. ఇప్పటి పిల్లలు మాటల్లో దాన్ని వాడరు, పద్యాల్లోనూ పాత కథల్లోనూ చూస్తారు. ‘కుట్టు మరల దుకాణం’ అన్నప్పుడు అదే మాట యంత్రాలకు వర్తిస్తుంది. మా తరగతిలో ఒకడు ఇది మిషన్లు బాగుచేసే యాప్ అనుకుంటారని ఆటపట్టించాడు. నా మట్టుకు నాకు ఇది చిన్న లోపమే అనిపిస్తుంది. అర్థాన్ని పేరు కింద ఒక చిన్న వరుసలో చెప్పుకోవచ్చు. రాతలోని గందరగోళాన్ని ఎక్కడా చెప్పుకోలేం, ఎందుకంటే అది జరిగేది మనిషి మన దగ్గరికి చేరకముందు.

పేరు తేలాక దాన్ని ఎక్కడెక్కడ ఎలా రాయాలన్నది కూడా ముందే అనుకోవాలి. ఆండ్రాయిడ్‌లో యాప్‌కు లోపల ఒక గుర్తింపు పేరు ఉంటుంది. అందులో రోమన్ అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే చెల్లుతాయి, తెలుగు చెల్లదు. చుక్కతో విడదీసిన కనీసం రెండు భాగాలుండాలి, ప్రతి భాగమూ అక్షరంతో మొదలవ్వాలి. `org.example.marala` లాగ. ఒకసారి దుకాణంలో పెట్టాక దీన్ని మార్చడం కుదరదు, అందుకే రోమన్ రాత మొదటిరోజే ఖాయం కావాలి. చిహ్నం కింద కనిపించే పేరు మాత్రం వేరు. దాన్ని భాషను బట్టి మార్చవచ్చు. తెలుగు పెట్టుకున్న ఫోన్ల కోసం `res/values-te/strings.xml` లో ఈ వరుస, మిగతా ఫోన్ల కోసం `res/values/strings.xml` లో రోమన్ రాత పెడితే సరిపోతుంది:

```xml
<string name="app_name">మరల</string>
```

చిహ్నం కింద చోటు చాలా తక్కువ. ‘పుస్తకోపహారం’ అని పెడితే చివర తెగి చుక్కలు పడతాయి. ‘మరల’ పూర్తిగా కనిపిస్తుంది.

దీని మీద మా తెలుగు మేడమ్ ఒక అభ్యంతరం చెప్పారు, అది తేలిగ్గా తీసేయదగినది కాదు. ‘రోమన్‌లో కుదరదని ళ ను, ణ ను, థ ను పేర్లలోంచి తీసేస్తూ పోతే, రేపు పిల్లలకు ఆ అక్షరాలు ఎక్కడ కనిపిస్తాయి? పరాయి లిపి కొలతతో మన మాటలను ఏరుకుంటామా?’ అని. ఆవిడ భయం నిజమైనదే. అయితే ‘మళ్ళీ’ సొంత లిపిలోనే రెండు రాతలతో ఉన్న సంగతి రోమన్ తెచ్చిపెట్టినది కాదు. పైగా టైపు చేయాల్సింది ఒక్క పేరునే. యాప్ లోపల ఉన్న మాటలను ఎవరూ టైపు చేయరు, చదువుతారు. అక్కడ తెలుగు అక్షరాలన్నిటికీ చోటుంది. పూర్తిగా ఇంగ్లీషు పేరు పెట్టి ఉంటే ఇంటి గుమ్మం మీదే తెలుగు లేకుండా పోయేది. ఆ పని మేము చేయలేదు.

మేడమ్ మాట మీద లోపలి తెరలన్నీ ఒకసారి తిరిగి రాశాం. పుస్తకం తీసుకున్నవాడు ఏడాది తర్వాత దాన్ని జాబితాలో పెట్టే బొత్తాం మీద మొదట ‘యాడ్’ అని ఉండేది. ఇప్పుడు ‘మళ్ళీ చేర్చు’ అని ఉంది, ళ కింద ళ ఒత్తుతో.